బ్యాంకులో వేసిన నగదుకు రెండు ప్రశ్నలు

పొదుపు ఖాతాలో సొంత నగదు జమ చేయడానికి ఆదాయపు పన్ను చట్టంలో పరిమితి లేదు. అయితే ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి పొదుపు ఖాతాల్లో పడిన నగదు మొత్తం 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆ సంగతి పన్ను శాఖకు తెలపాలి. రోజుకు 49 వేల చొప్పున వేస్తే కౌంటరులో పాన్ అడగకపోవచ్చు గానీ, లెక్క ఏడాది మొత్తానిది కనుక ఆ తెలివి పనిచేయదు. పైగా ముక్కలు చేసి వేసిన తీరే అనుమానానికి తావిస్తుంది.

నోటీసు వచ్చాక ఎదురయ్యే ప్రశ్నలు రెండు. డబ్బు ఎక్కడిది అన్నది మొదటిది. దాన్ని నగదుగా తీసుకోవచ్చా అన్నది రెండోది. చాలామంది మొదటిదానికే జవాబు సిద్ధం చేసుకుంటారు, ఆ జవాబుతోనే రెండోదాంట్లో చిక్కుకుంటారు.

గుంటూరు జిల్లాలో పొలం ఉన్న ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి ఊహించుకుందాం. పెన్షన్ మీద పన్ను కడతాడు. 2023-24లో పొదుపు ఖాతాలో 14 లక్షల నగదు వేశాడు. రిటర్ను పరిశీలనకు ఎంపికైంది. ఆయన చెప్పిన లెక్క ఇది: కూతురి పెళ్లికని బ్యాంకు నుంచి తీసి, పెళ్లి వాయిదా పడటంతో తిరిగి వేసినవి 6 లక్షలు. మిర్చి అమ్మగా వచ్చినవి 5 లక్షలు. బావమరిది ఇచ్చిన చేబదులు 3 లక్షలు.

ఆరు లక్షల సంగతి పాస్‌బుక్కే చెబుతుంది. తీసిన తేదీ ముందు, వేసిన తేదీ తర్వాత ఉండాలి. మధ్యలో ఆ డబ్బు వేరే దేనికీ ఖర్చయినట్టు కనిపించకూడదు. రెండు మూడు నెలల ఎడం ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండేళ్లు బీరువాలో ఉందంటే మాత్రం ఎందుకుంచారో చెప్పాల్సి వస్తుంది. తీసినవి, ఖర్చుపెట్టినవి, వేసినవి తేదీల వారీగా రాసిన నగదు పట్టికే ఇక్కడ అసలు ఆధారం. ఏ తేదీ దగ్గరైనా చేతిలో ఉన్న డబ్బు కంటే జమ చేసింది ఎక్కువగా తేలితే కథ అక్కడే తెగిపోతుంది.

మిర్చి డబ్బుకు పాస్ పుస్తకం, యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు కావాలి. పొలం విస్తీర్ణానికి, దిగుబడికి, ఆనాటి ధరకు పొంతన కుదరాలి. రెండో ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 269ఎస్‌టీ సెక్షన్ ప్రకారం, ఒకరి నుంచి ఒక రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ, ఒకే సందర్భానికి గానీ 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. జరిమానా తీసుకున్నవారికే, తీసుకున్నంత మొత్తం. ఈ ఉపాధ్యాయుడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వ్యాపారులకు, ఒక్కోసారి 1.70 లక్షలకు మించకుండా అమ్మాడు కనుక బయటపడ్డాడు. అదే పెళ్లి మండపం యజమాని 3 లక్షల అద్దెను రెండు రోజుల్లో లక్షన్నర చొప్పున నగదుగా తీసుకుంటే బయటపడడు. రోజులు వేరైనా పెళ్లి ఒకటే.

ఇక మిగిలింది చేబదులు. బావమరిది ఎవరో, అంత ఇవ్వగల స్తోమత ఉందో లేదో, నిజంగా ఇచ్చాడో లేదో చూస్తారు. ఆయన ఒప్పుకోలు కాగితం ఒక్కటే చాలదు. ఆయన దగ్గర డబ్బున్నట్టు కూడా కనిపించాలి. నమ్మకపోతే 3 లక్షలూ లెక్క చెప్పలేని సొమ్ము అవుతాయి. ఆ ఏడాదికి వర్తించిన రేటు 60 శాతం. సర్‌చార్జి, సెస్ కలిపితే 78 శాతం, అంటే 2,34,000 రూపాయలు. దానిపై మరో 18 వేల జరిమానా పడవచ్చు. మామూలు శ్లాబులు ఇక్కడ పనికిరావు.

నమ్మితే గండం గడిచినట్టు కాదు. 20 వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడం 269ఎస్‌ఎస్ సెక్షన్ కింద నిషిద్ధం. జరిమానా అప్పు ఎంతో అంత, అంటే 3 లక్షలు. నిజం రుజువైతే పడే భారం నమ్మనప్పటి పన్ను కంటే ఎక్కువ కావడం విడ్డూరమే. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే చట్టం మినహాయిస్తుంది. పెన్షన్ వల్ల ఈయనకు ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది సహేతుక కారణం చూపడమే: అర్ధరాత్రి ఆసుపత్రిలో కట్టాల్సి రావడం వంటిదైతే జరిమానా తప్పవచ్చు. అలవాటు కొద్దీ తీసుకున్నాననడం కారణం కాదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి. 2023-24 వంటి పాత సంవత్సరాల లెక్కలు మాత్రం పాత చట్టం ప్రకారమే తేలతాయి. ఆనాటి తక్‌పట్టీలు, పాస్‌బుక్కులు పారేయకండి.