ఇరవై ఐడియాలు... మూడు మార్కులు!

మీ ఫోన్ నోట్స్‌లో ‘బిజినెస్ ఐడియాస్’ అని ఓ లిస్టు ఉందా? రీల్ చూసినప్పుడల్లా, ఫ్రెండ్స్‌తో టీ తాగినప్పుడల్లా దానికి ఇంకో లైను చేరుతోందా? అయితే ఇప్పుడు చేయాల్సింది కొత్త ఐడియా వెతకడం కాదు. ఉన్నవాటిని కొట్టేయడం!

జెఫ్ బెజోస్ కూడా ఇలాంటి లిస్టుతోనే మొదలుపెట్టాడు. 1994లో ఇంటర్నెట్‌లో ఏం అమ్మొచ్చా అని ఇరవై రకాల వస్తువులు రాసుకున్నాడు. సీడీలు, సాఫ్ట్‌వేర్, వీడియోలు... అన్నీ వడపోసి చివరికి పుస్తకాల దగ్గర ఆగాడు. ఆయన వాడిన కొలతలు వేరు. చేతిలో కొద్ది డబ్బు, కొద్ది టైమే ఉన్న మనలాంటివాళ్లకు మూడు చాలు: ఖర్చు, శ్రమ, ఉత్సాహం. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు.

ముందు గేటు... తర్వాతే మార్కులు

ఓ ఉదాహరణ చూద్దాం. గుంటూరులో ఉద్యోగం చేస్తున్న ఓ అమ్మాయి ఉందనుకోండి. దాచుకున్నది 60 వేలు. ఆఫీసు పోగా వారానికి 12 గంటలు ఖాళీ. లిస్టులో 18 ఐడియాలు.

అన్నింటికీ మార్కులు వేయక్కర్లేదు. 60 వేలు దాటేవి, వారానికి 12 గంటలు మించేవి ముందే కొట్టేయాలి. కెఫే పోయింది, బాక్స్ క్రికెట్ పోయింది. రోజూ పొద్దున్నే నిలబడాల్సిన టిఫిన్ బండీ పోయింది. అలా మిగిలినవి ఆరు: చీరల రీసెల్లింగ్, పదో తరగతి మ్యాథ్స్ ట్యూషన్, మగ్గం వర్క్ బ్లౌజులు, మేడ మీద మొక్కల నర్సరీ, పచ్చళ్లు, యూట్యూబ్ ఛానెల్.

మార్కు అంటే ఎంతో ముందే రాసుకోండి

‘ఖర్చు కాస్త తక్కువే’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రెండు రోజుల తర్వాత మీకే అర్థం కాదు. అందుకే రూపాయల్లో, గంటల్లో రాయాలి.

ఖర్చంటే మొదటి మూడు నెలల్లో జేబులోంచి పోయే డబ్బంతా. సామానొక్కటే కాదు, ప్యాకింగ్, కొరియర్, లైసెన్సు ఫీజు కూడా. ఈ అమ్మాయి లెక్కలో 5 వేల లోపైతే 5 మార్కులు, 15 వేల లోపు 4, 30 వేల లోపు 3, 45 వేల లోపు 2, ఆపైన 1. శ్రమకు కూడా అంతే. వారానికి 4 గంటల్లోపు పనైతే 5, ఆరైతే 4, ఎనిమిదైతే 3, పదైతే 2, పన్నెండైతే 1.

గమనించారా? ఖర్చు తక్కువైతేనే ఎక్కువ మార్కులు. చాలామంది తడబడేది ఇక్కడే. ‘ఖర్చు చాలా ఎక్కువ’ అని 5 వేస్తారు. అంతే, లిస్టులో అన్నిటికంటే ఖరీదైనది పైకెక్కి కూర్చుంటుంది.

ఇక ఉత్సాహం. దీన్ని మొదటి రోజుని ఊహించుకుని వేయకండి, యాభయ్యో ఆర్డర్ రోజుని ఊహించుకోండి. పచ్చళ్లంటే అమ్మ చేతి రుచి, అందమైన లేబుల్ మాత్రమే కాదు. సీసాలు కడగడం, నూనె కారకుండా ప్యాక్ చేయడం, ‘మూత పగిలింది’ అనే ఫోన్లకు ఓపిగ్గా జవాబు చెప్పడం. అదంతా కళ్లముందు పెట్టుకుని కూడా చేయాలనిపిస్తే 5 వేసేయండి.

అడ్డంగా కాదు, నిలువుగా

ఒక ఐడియాకి మూడు మార్కులూ వేసి రెండోదానికి వెళ్లడం మామూలుగా అందరూ చేసే పని. అందులో చిక్కుంది. మనసుకు నచ్చిన ఐడియా అయితే దాని ఖర్చు కూడా తక్కువగానే కనిపిస్తుంది! అందుకే ముందు ఆరింటికీ ఖర్చు మార్కులే వేయాలి. ధర తెలియకపోతే ఊహించొద్దు, షాపుకి ఓ ఫోన్ కొట్టండి. తర్వాత ఆరింటికీ శ్రమ. ఉత్సాహం అన్నిటికన్నా చివర్లో.

మన గుంటూరు అమ్మాయి మార్కులు ఇవి (ఖర్చు, శ్రమ, ఉత్సాహం వరుసలో):

నర్సరీ: 4, 4, 4
మగ్గం వర్క్: 4, 3, 4
చీరల రీసెల్లింగ్: 5, 5, 1
పచ్చళ్లు: 3, 2, 5
యూట్యూబ్: 4, 1, 5
ట్యూషన్: 5, 2, 2

కూడాలా? గుణించాలా?

కూడితే నర్సరీకి 12. మగ్గం వర్క్‌కి, చీరలకు చెరో 11. పచ్చళ్లు, యూట్యూబ్ 10 దగ్గర ఆగాయి. ట్యూషన్‌కి 9.

చీరల సంగతి చూడండి. చేయాలని అసలు లేదు, అయినా రెండో స్థానంలో ఉంది. రెండు 5లు కలిసి ఆ 1ని దాచేశాయి. కూడికతో వచ్చే తంటా ఇదే. అదే గుణిస్తే? నర్సరీ 64, మగ్గం వర్క్ 48, పచ్చళ్లు 30, చీరలు 25, యూట్యూబ్ 20, ట్యూషన్ 20. చీరలు నాలుగో స్థానానికి దిగిపోయాయి. ఒక్కచోట బాగా బలహీనంగా ఉన్న ఐడియాను గుణకారం వదిలిపెట్టదు.

ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉంటే ఐడియా పేరు A కాలమ్‌లో, మార్కులు B, C, Dల్లో వేసి, E2 గడిలో ఇది టైప్ చేసి కిందికి లాగండి:

```
=B2*C2*D2
```

64 అంటే 48 కంటే కచ్చితంగా గొప్పదని కాదు. ఒక్క మార్కు అటూ ఇటూ మార్చి చూడండి. పచ్చళ్ల పనిలో అమ్మ ఓ చెయ్యి వేస్తే శ్రమ మార్కు 2 నుంచి 3 అవుతుంది, మొత్తం 45 అవుతుంది. అంటే మగ్గం వర్క్ పక్కనే వచ్చి నిలబడింది. అందుకే ఒక్క విన్నర్‌ని కాదు, పై మూడింటినీ తీసుకోవాలి.

మార్కులు తప్పాయని ఎలా తెలుస్తుంది?

రెండు గుర్తులున్నాయి. ఒకటి, అన్నిటికీ 3లే పడటం. అలా అయితే మీ రూపాయల, గంటల మెట్లు మీ లిస్టుకి సరిపోలేదన్నమాట. వాటిని మార్చి మళ్లీ వేయండి. రెండోది, ఫలితం చూశాక ఫేవరెట్ ఐడియా కోసం వెనక్కెళ్లి మార్కులు దిద్దాలనిపించడం. కొత్త ధర తెలిసి దిద్దితే సరే. కేవలం బాధేసి దిద్దుతుంటే మాత్రం ఆగండి. మీ మనసులో ఇంకేదో కొలత ఉంది. ఇంట్లోంచే చేయాలనో, నాన్న ఒప్పుకోవాలనో... అదేంటో కనిపెట్టి నాలుగో కాలమ్‌గా రాయండి. అప్పుడు ఆ మార్కు అన్ని ఐడియాలకీ పడాలి, ఫేవరెట్‌కి ఒక్కదానికే కాదు.

ఈ మూడు మార్కులూ చెప్పలేనిది ఒకటుంది: కొనేవాళ్లు ఉన్నారా, లేరా? ఖర్చు, శ్రమ, ఉత్సాహం మూడూ మన వైపు లెక్కలే. కస్టమర్ వైపు లెక్క బయటికెళ్తేనే తెలుస్తుంది. కాబట్టి పై మూడింటికీ రెండేసి వారాల చిన్న పరీక్ష పెట్టాలి. కడియం నుంచి ఓ పాతిక మొక్కలు తెప్పించి అపార్ట్‌మెంట్ల దగ్గర అమ్మి చూడటం. ఒకే ఒక్క శాంపిల్ బ్లౌజు కుట్టి, దాన్ని చూపించి అడ్వాన్స్ అడగడం. ఒక్క రకం పచ్చడి, పది సీసాలు, అంతే.

పాస్ మార్కు మాత్రం పరీక్షకు ముందే రాసుకోండి. ఉదాహరణకు, ‘పరిచయం లేనివాళ్లు కనీసం ముగ్గురు డబ్బులిచ్చి కొనాలి’ అని. పిన్ని, ఆఫీస్ ఫ్రెండ్ కొన్నవి లెక్కలోకి రావు. వాళ్లు కొన్నది పచ్చడిని చూసి కాదు, మిమ్మల్ని చూసి!