చివరి వలయానికే పూలు చాలవు

ఓణానికి పూక్కళం మొదటిసారి వేసేవాళ్లు ఎక్కువగా లెక్క తప్పేది ఒకచోటే. ఉన్న పూలను వలయాలన్నిటికీ సమానంగా పంచేస్తారు. లోపలి వరుసలు కిక్కిరిసిపోతాయి, చివరి వరుసకొచ్చేసరికి బుట్ట ఖాళీ అవుతుంది.

కేరళలో చింగ మాసంలో అత్తం రోజున, అంటే మన హస్తా నక్షత్రం నాడు, పూక్కళం మొదలవుతుంది. పదో రోజు తిరువోణానికి, అంటే శ్రవణానికి, అది నిండు రూపుకొస్తుంది. వాకిట్లో పేడతో అలికి, మొదటి రోజు చిన్నగా వేస్తారు. చాలా ఇళ్లలో ఆ రోజు తుంబ పూలకే పెద్దపీట. అవి మనం చేలగట్ల మీద చూసే తుమ్మి పూలే. ఎర్రమందారం మూడో రోజు చోతి నుంచే వాడాలనే ఆచారం కొన్నిచోట్ల ఉంది.

తిరువోణానికి అయిదడుగుల వెడల్పు పూక్కళం వేద్దాం. మధ్యలో మేకు పెట్టి దారం కట్టి, అర అడుగు, అడుగు, అడుగున్నర, రెండు, రెండున్నర అడుగుల దూరాల్లో సుద్దతో గుండ్రాలు గీయండి. అన్నిటి మందం అర అడుగే. అయినా నడిమి గుండ్రానికి పట్టే పూలను ఒక వంతు అనుకుంటే, ఆ తర్వాతి వలయాలకు వరసగా మూడు, అయిదు, ఏడు, తొమ్మిది వంతులు కావాలి. మొత్తం పాతిక వంతుల్లో తొమ్మిది చివరి దానికే. అందుకే చవకగా, దండిగా దొరికేది అంచుకు, అరుదైనది నడిమికి.

మధ్యలో తెల్లటి తుమ్మి, దాని చుట్టూ ఎర్ర నూరువరహాలు, తర్వాత పసుపు బంతి, ఆపైన సన్నగా తరిగిన ఆకు, చివర నారింజ బంతి. ఏడు వంతులు మింగే వలయానికి ఆకు పెట్టింది ఖర్చు కోసమే కాదు. పసుపు, నారింజ పక్కపక్కన పడితే పది అడుగుల అవతలి నుంచి ఒకే రంగులా కనిపిస్తాయి. మధ్యలో ముదురు పచ్చ ఉంటే రెండూ విడిగా నిలుస్తాయి. ఎన్ని పూలు కొనాలో తెలియాలంటే అడుగు చదరంలో నేల కనపడకుండా రేకులు పరిచి తూచండి. చివరి వలయం దాదాపు ఏడు చదరపుటడుగులు, కాబట్టి ఆ బరువుకు ఏడింతలు రేకులు కావాలి. బంతిపూల తొడిమలు పోగా మిగిలేది రేకులే కాబట్టి పూలు ఇంకాస్త ఎక్కువే తీసుకోవాలి.

ముందు ప్రతి గీత మీదా వేలెడు మందాన రేకులు పేర్చి అంచు కట్టి, ఆ తర్వాతే లోపల నింపండి. నడిమి నుంచి బయటికి రావాలి. లేదంటే వేసినదాని మీదుగా చెయ్యి చాచాల్సి వస్తుంది.

గాలికి ముందుగా లేచేది పొడిరేకే. అలికిన నేల కాస్త తడిగా ఉండగానే మొదలుపెడితే అడుగు పొర అతుక్కుంటుంది. టైల్స్ మీదైతే తడిగుడ్డతో తుడిచి వెంటనే వేయండి. పూర్తయ్యాక నీళ్లు మంచులా పడే స్ప్రే బాటిల్‌తో పైపైన చల్లితే చాలు. బొట్లుబొట్లుగా పడితే రేకులు ముద్దకట్టి, తరిగిన ఆకు నల్లబడుతుంది. చివర చుట్టూ విడదీయని బంతిపూలను దగ్గర దగ్గరగా పేరిస్తే అంచు రేకులు కదలవు. అపార్టుమెంట్లలో మాత్రం గాలంటే సీలింగ్ ఫ్యానే. అతిథులొచ్చారని ఎవరో ఒకరు స్విచ్ వేసేస్తారు, దాని మీద కాగితం అంటించి పెట్టండి.

చీమలొచ్చేది తీపి కోసం. నూరువరహాల సన్నటి గొట్టాల్లో, మందారం మొదట్లో తేనె ఉంటుంది. రేకులను మాత్రమే వాడి, కోసిన పూలను తెల్లగుడ్డ మీద పరిచి దులిపితే వాటితో వచ్చిన పురుగూ పుట్రా అక్కడే పోతాయి. తెలుపు తక్కువైందని కొబ్బరికోరు గానీ బియ్యప్పిండి గానీ వేయకండి. మన ముగ్గులో బియ్యప్పిండి చీమలకు పెట్టే తిండి. అది పూక్కళంలోకి వస్తే పిలిచి విందు పెట్టినట్టే. నైవేద్యపు బెల్లం, పాయసం కూడా దూరంగానే ఉంచాలి.

అప్పటికే బారు కట్టి ఉంటే చీమలను నలిపి లాభం లేదు. అవి నేల మీద వదిలిన వాసన పట్టుకుని వెనకవి వస్తూనే ఉంటాయి. గోడ పగులు దాకా ఆ దారిని సబ్బునీళ్లతో తుడిచేయాలి. చుట్టూ పసుపు గీత గీస్తే కొంతసేపు ఆగుతాయి గానీ అది పొడిగా ఉన్నంతవరకే. కాబట్టి నీళ్లు చల్లడం ముందు, పసుపు గీత తర్వాత. చీమలమందు సుద్దముక్క జోలికి మాత్రం వెళ్లొద్దు, రాలిన రేకులు ఏరేది పిల్లలే.