టెలిగ్రామ్ గ్రూపులో టాపిక్స్: ఒకే గుంపు, వేర్వేరు ముచ్చట్లు

టెలిగ్రామ్‌లో ఒక్కో గ్రూపులో రెండు లక్షల మంది దాకా చేరవచ్చు. అంతమంది చేరే గ్రూపులు తక్కువే. కానీ రెండు మూడు వేల మంది ఉండి, వారిలో ఏ వందమందో రోజూ మాట్లాడుతున్నా చాలు, ఆ గ్రూపును చదవడం కష్టమైపోతుంది. ఉదయం అడిగిన ప్రశ్న మధ్యాహ్నానికి కొన్ని వందల సందేశాల కింద పడిపోతుంది. జవాబు తెలిసినవాడు సాయంత్రం ఫోను తీసేసరికి ఆ ప్రశ్నే కనిపించదు. మర్నాడు ఇంకెవరో మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. ఏ సందేశానికి జవాబిస్తున్నారో చూపించే రిప్లై సదుపాయం చాలాకాలంగా ఉన్నా, ఆ జవాబు కూడా అదే ప్రవాహంలో వచ్చి పడుతుంది కాబట్టి పెద్ద గ్రూపులకు అది చాలలేదు.

ఈ చిక్కు విప్పడానికి టెలిగ్రామ్ 2022 నవంబరులో టాపిక్స్ అనే ఏర్పాటు తెచ్చింది. మొదట 200 మంది, అంతకు పైబడి సభ్యులున్న గ్రూపులకే ఇచ్చి, మరుసటి నెలలో ఆ హద్దును 100కు తగ్గించింది. గ్రూపు అడ్మిన్ ఎడిట్ పేజీలోకి వెళ్లి `Topics` అన్న మీటను ఆన్ చేస్తే గ్రూపు రూపం మారిపోతుంది. తెరిచిన వెంటనే సందేశాలు కాకుండా విషయాల పట్టిక కనిపిస్తుంది. ఒక్కో విషయానికి ఒక పేరు, ఒక చిన్న గుర్తు, అందులో చదవనివి ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె ఉంటాయి. దేన్ని నొక్కితే ఆ విషయానికి సంబంధించిన సంభాషణ మాత్రమే తెరుచుకుంటుంది.

దీన్ని గ్రూపులో గ్రూపు అనుకుంటే పొరపాటు. లోపల జరిగేది చాలా చిన్న పని. కొత్త టాపిక్ తెరిచినప్పుడు, ఫలానా పేరుతో టాపిక్ మొదలైందని గ్రూపులో ఒక సందేశం పుడుతుంది. ఆ సందేశపు సంఖ్యే టాపిక్‌కు సంఖ్య. ఆ తర్వాత అందులో ఎవరేం రాసినా, తాను ఆ సంఖ్యకు చెందినదానినన్న గుర్తు ప్రతి సందేశానికీ అంటుకుంటుంది. సందేశాలన్నీ ఎప్పటిలాగే ఒకే వరుసలో నిల్వ ఉంటాయి, యాప్ ఆ గుర్తును చూసి వేరుచేసి చూపిస్తుంది, అంతే. పబ్లిక్ గ్రూపుల్లో టాపిక్‌కు నేరుగా లింకు ఇవ్వగలగడం కూడా ఈ సంఖ్య వల్లే. గ్రూపు పేరు తర్వాత గీత పెట్టి, `t.me/groupname/25` అన్నట్టుగా టాపిక్ సంఖ్య రాస్తే చాలు.

సభ్యులు మాత్రం గ్రూపు మొత్తానికీ ఒక్కటే. అదే నవంబరులో వాట్సాప్ విడుదల చేసిన కమ్యూనిటీల పద్ధతి వేరు. అక్కడ ఒక గొడుగు కింద నిజంగానే వేర్వేరు గ్రూపులుంటాయి, ఒక్కోదానిలో ఎవరెవరు చేరారన్నది వేరుగా ఉంటుంది. టెలిగ్రామ్ టాపిక్స్‌లో గ్రూపులో చేరినవారందరికీ అన్ని టాపిక్‌లూ కనిపిస్తాయి. అడ్మిన్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక రహస్య టాపిక్ పెట్టుకోవడం కుదరదు, దానికి విడిగా ఇంకో గ్రూపు ఉండాల్సిందే. మనుషుల్ని విడదీయాలంటే కమ్యూనిటీ, విషయాలను విడదీయాలంటే టాపిక్స్. ఏది కావాలో తేల్చుకోకుండా మొదలుపెట్టిన గ్రూపులే ఎక్కువగా తికమక పడతాయి.

తెలుగు రాష్ట్రాల్లో టెలిగ్రామ్ బాగా నడిచే చోట్లలో పోటీ పరీక్షల గ్రూపులు ఒకటి. తెలంగాణ గ్రూప్-2కు చదువుతున్న మూడు వేల మంది ఒక గ్రూపులో ఉన్నారనుకుందాం. రాజ్యాంగంలోని అధికరణం మీద సందేహం, ఎవరో స్కాన్ చేసిన నోట్సు, హాల్ టికెట్లు వచ్చేశాయన్న పుకారు, శుభోదయం బొమ్మ, కోచింగ్ సెంటర్ ప్రకటన, అన్నీ ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి. ఈ పరీక్షలో 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లు: జనరల్ స్టడీస్, చరిత్ర, పాలిటీ, సమాజం, ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. విషయాల విభజన పరీక్షే చేసి పెట్టింది కాబట్టి నాలుగు పేపర్లకు నాలుగు టాపిక్‌లు, ప్రకటనలకు ఒకటి, పిచ్చాపాటికి ఒకటి సరిపోతాయి.

మీట ఆన్ చేసిన క్షణంలో అడ్మిన్‌కు కనిపించేది మాత్రం ఇంత చక్కగా ఉండదు. అప్పటివరకు గ్రూపులో పేరుకున్న పాత సందేశాలన్నీ జనరల్ అనే ఒక టాపిక్‌లోకి చేరతాయి. వాటిని ఏరి పేపర్లవారీగా సర్దే మార్గం లేదు, ఎందుకంటే ఒక టాపిక్‌లోని సందేశాన్ని మరో టాపిక్‌కు జరిపే వీలే టెలిగ్రామ్ ఇవ్వలేదు. పనికొచ్చే నోట్సు, ప్రశ్నపత్రాలు ఏవైనా ఉంటే వాటిని ఆయా టాపిక్‌లకు ఫార్వర్డ్ చేసి అక్కడ పిన్ చేసుకోవాలి. ప్రతి టాపిక్‌కూ సొంత పిన్లు ఉంటాయి కాబట్టి పాలిటీ నోట్సు పాలిటీ దగ్గరే పైన కనిపిస్తుంది. ఈ పని ఒకపూట పడుతుంది గానీ, అది చేయని గ్రూపుల్లో కొత్త టాపిక్‌లు ఖాళీగా కనిపించి, ఎవరూ వాటి గడప తొక్కరు.

జనరల్‌ను తొలగించలేం. ఎవరు చేరారు, ఎవరు వెళ్లిపోయారు అన్న సూచనలు అక్కడికే వస్తాయి. చోటు ఎంచుకోకుండా రాసినవి కూడా అక్కడే పడతాయి. కొందరు సభ్యులు టాపిక్‌ల పట్టిక నచ్చక `View as Messages` ఎంచుకుని పాత పద్ధతిలో అంతా ఒకే వరుసగా చదువుతుంటారు. వాళ్లు అలా ఉండగా కొత్తగా రాసిన సందేశం జనరల్‌కు పోతుంది, ఏదైనా సందేశానికి రిప్లై ఇస్తే మాత్రం అది ఆ సందేశమున్న టాపిక్‌లో చేరుతుంది. అందుకే టాపిక్స్ పెట్టిన వారం తర్వాత కూడా గ్రూపు మారలేదని వాపోయే అడ్మిన్ ముందు జనరల్‌ను చూడాలి. సందేహాలన్నీ ఇంకా అక్కడే పడుతుంటే విభజన పేరుకే జరిగిందన్నమాట. దానికి మందు జనరల్‌ను మూసేయడం లేదా పట్టికలో కనబడకుండా దాచేయడం. దాచినప్పుడు అది తనంతట తానే మూతపడుతుంది. అప్పుడు రాయాలనుకున్నవారు తప్పనిసరిగా ఒక టాపిక్‌లోకి వెళ్లాల్సి వస్తుంది. మన గ్రూపులో పిచ్చాపాటికి వేరే టాపిక్ ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది. మాటలకు ఒక చోటు ఇవ్వకుండా జనరల్‌ను మూస్తే ఆ మాటలు ఆగవు, ఆర్థిక వ్యవస్థ టాపిక్‌లోకి వచ్చి కూర్చుంటాయి.

మూసేయడం అన్నది ఇంకో పనికీ వస్తుంది. మూసిన టాపిక్‌ను అందరూ చదవగలరు, టాపిక్‌లను నిర్వహించే హక్కున్న అడ్మిన్లు మాత్రమే రాయగలరు. కాబట్టి ప్రకటనల టాపిక్‌ను తెరిచిన వెంటనే మూసేస్తే అది నోటీసు బోర్డుగా పనిచేస్తుంది. సభ్యుల అనుమతులు గ్రూపు మొత్తానికి కలిపే ఉంటాయి. ఒక టాపిక్‌లో ఫొటోలు పెట్టవచ్చు, ఇంకోదానిలో కూడదు అని విడిగా చెప్పే వీలు లేదు. ఈ లోటును కొంతవరకు పూడ్చేది మూత ఒక్కటే.

చదివేవారికి అసలు లాభం నోటిఫికేషన్ల దగ్గర ఉంది. మామూలు గ్రూపులో మోత భరించలేక మ్యూట్ చేస్తే పరీక్ష వాయిదా కబురు కూడా మూగబోతుంది. టాపిక్స్ ఉన్నచోట దేనికదే విడిగా మ్యూట్ చేసుకోవచ్చు. గ్రూపు మొత్తాన్ని మ్యూట్‌లో పెట్టి ప్రకటనల టాపిక్‌ను మాత్రం మోగనిచ్చుకోవచ్చు. ఆర్థిక శాస్త్రం పట్టా ఉన్న అభ్యర్థి మూడో పేపరు ప్రశ్నలకు మాత్రమే ఫోను మోగేలా పెట్టుకుంటే, జవాబు చెప్పగలిగినవాడికి ప్రశ్న సూటిగా చేరుతుంది. పెద్ద గ్రూపుల్లో జవాబులు రాకపోవడానికి తెలిసినవాళ్లు లేకపోవడం కన్నా, తెలిసినవాళ్లు మ్యూట్ చేసి ఉండటమే తరచు కారణం. చదవనివి ఎన్ని ఉన్నాయో టాపిక్‌వారీగా తెలుస్తుంది కాబట్టి, పిచ్చాపాటిలో ఎనిమిది వందలు మిగిలినా ఎవరికీ బెంగ ఉండదు.

చెడిపోయే దారి కూడా ఒకటుంది, అది అతి విభజన. రెండో పేపరులో చరిత్ర, పాలిటీ, సమాజం అని మూడు భాగాలున్నాయి కదా అని ఎవరో మూడు టాపిక్‌లు అడుగుతారు. తర్వాత ప్రాచీన చరిత్రకు ఒకటి, ఆధునిక చరిత్రకు ఒకటి అంటారు. టాపిక్ లోపల టాపిక్ పెట్టే వీలు లేదు, అన్నీ ఒకే వరుసలో ఉండాలి. నలభై టాపిక్‌ల పట్టికను కిందికి జరుపుతూ వెతుక్కోవడం నాలుగు వందల సందేశాలు జరపడం కన్నా పెద్ద సుఖమేమీ కాదు. పైగా కాకతీయుల పాలన మీది ప్రశ్న చరిత్రలో అడగాలా, తెలంగాణ ఉద్యమ నేపథ్యంలో అడగాలా అన్న సందేహం రాగానే మనిషి రెండు చోట్లా అడుగుతాడు, జవాబులు రెండు చోట్లా చీలిపోతాయి. ఒకే ప్రశ్న రెండు టాపిక్‌లలో కనిపించడం, కొన్ని టాపిక్‌లలో వారాల తరబడి కదలిక లేకపోవడం, ఇవి హద్దులు తప్పుగా గీశారనడానికి గుర్తులు. కొత్త టాపిక్‌లు తెరిచే హక్కును సభ్యులందరికీ వదిలేసిన గ్రూపుల్లో ఇది త్వరగా జరుగుతుంది. సందేహం అడగాలనుకున్న ప్రతివాడూ ఆ సందేహం పేరుతోనే ఒక టాపిక్ తెరుస్తాడు. పరీక్షల గ్రూపులో ఆ హక్కు అడ్మిన్ల దగ్గరే ఉంచడం మేలు.

తప్పు చోట పడిన ప్రశ్నల సంగతి రోజువారీ పని. జరిపే వీలు లేదు కాబట్టి అడ్మిన్ దాన్ని సరైన టాపిక్‌కు ఫార్వర్డ్ చేసి, మొదటిదాన్ని చెరిపేయాలి. అప్పటికే వచ్చిన జవాబులుంటే అవి పాతచోటే మిగిలిపోతాయి. అందుకే వెంటనే పట్టుకుంటేనే ఫలితం. జవాబులు మొదలయ్యాక వదిలేయడమే నయం. గ్రూపులో ప్రశ్నలు పంపే బాట్ ఉంటే దానికి కూడా చోటు చెప్పాలి. ఏ టాపిక్‌లో వేయాలో సూచించే `message_thread_id` అనే విలువను దాన్ని తయారుచేసినవారు ఇవ్వకపోతే బాట్ పంపిన రోజువారీ క్విజ్ జనరల్‌లో పడుతుంది. చానెల్‌కు చర్చావేదికగా జతచేసిన గ్రూపులో మాత్రం టాపిక్స్ ఆన్ కావు, ముందు ఆ జత విప్పాలి.

పరీక్ష అయిపోయాక పేపర్ల టాపిక్‌లను తొలగించాలనిపిస్తుంది. టాపిక్‌ను తొలగిస్తే అందులోని సందేశాలన్నీ దానితోనే పోతాయి, తిరిగి రావు. మూసేస్తే సందేహాలు, జవాబులు, నోట్సు అన్నీ చదవడానికి మిగులుతాయి, వచ్చే నోటిఫికేషన్‌కు చదివేవారు వాటిలో వెతుక్కోవచ్చు. టాపిక్స్ పద్ధతే వద్దనుకుంటే అదే మీటను ఆఫ్ చేయవచ్చు. సందేశాలేవీ పోవు, నాలుగు పేపర్లూ పిచ్చాపాటీ కలిసిపోయి, రాసిన సమయం ప్రకారం మళ్లీ ఒకే వరుసలో నిలబడతాయి.