వైడాల్ పాజిటివ్... అయినా జ్వరం తగ్గదేం?

చౌటుప్పల్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే వినిపించే మొదటి మాట ‘టైఫాయిడ్’. రక్తం తీస్తారు. వైడాల్ పాజిటివ్ అని కాగితం వస్తుంది. ఇంజెక్షన్లు మొదలవుతాయి. చాలామందికి జ్వరం తగ్గుతుంది కూడా... అది టైఫాయిడ్ కాకపోయినా! ఎందుకంటే వైరల్ జ్వరాలు వారంలో వాటంతటవే పోతాయి. చిక్కంతా తగ్గని వారితోనే.

ఇలాంటి కేసు ఒకటి ఉందనుకోండి. నలభై ఏళ్ల గొర్రెల కాపరి. 24 రోజులుగా జ్వరం. పొద్దున బాగానే ఉంటాడు. సాయంత్రానికి 102 డిగ్రీలు. రాత్రి చెమటతో చొక్కా తడిసిపోతుంది. నడుం నొప్పి. వైడాల్ 1:160 వచ్చింది. వారంపాటు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు పడ్డాయి. రెండ్రోజులు తగ్గి, మళ్లీ మామూలే. ఇంకోచోట మళ్లీ వైడాల్, మళ్లీ పాజిటివ్. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. వైడాల్ పరీక్ష 1896 నాటిది. అది రక్తంలో టైఫాయిడ్ క్రిమిని వెతకదు. దానికి విరుద్ధంగా శరీరం తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. అవి ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లా ఉండొచ్చు, టీకా వల్లా ఉండొచ్చు, దాని దగ్గరి బంధువులైన ఇతర క్రిముల వల్లా ఉండొచ్చు. టైఫాయిడ్ తరచుగా వచ్చే ప్రాంతాల్లో 1:80, 1:160 అంకెలు ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తాయి. అంటే ఒక్కసారి చేసిన వైడాల్‌తో తేలేది తక్కువ. నిజంగా టైఫాయిడే అయితే, సరైన మందు పడ్డాక సాధారణంగా వారంలోపు జ్వరం దిగుతుంది. దిగకపోతే క్రిమి మందుకు లొంగని రకమైనా అయి ఉండాలి, అసలు జబ్బే వేరైనా అయి ఉండాలి.

జ్వరం 101 డిగ్రీలు దాటి మూడు వారాలైనా కారణం దొరకకపోతే దాన్ని ‘కారణం తెలియని జ్వరం’ అంటారు. పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే వైద్యులు 1961లో పెట్టిన లెక్క ఇది. ఇక్కడ మొదటి మెట్టు రక్తపరీక్ష కాదు, ప్రశ్నలు. ఏం పని చేస్తారు? పచ్చిపాలు తాగుతారా? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? ఏ మందులు వాడారు? మన కాపరిని అడిగితే చెప్పేది ఇదీ: మందలో చూలు గొర్రెలు కొన్ని ఈసుకుపోయాయి. వాటిని ఉత్త చేతులతోనే ఎత్తి పారేశాడు. మూడు వారాల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇదే!

తర్వాత ఒంటి పరీక్ష. మెడ, చంకల్లో గడ్డలున్నాయా? చర్మపు మడతల్లో నల్లటి చెక్కు కట్టిన పుండుందా? (అది స్క్రబ్ టైఫస్‌కు ఆనవాలు. దీనికి పైసా ఖర్చు లేదు.) ఇతనికి ప్లీహం కాస్త పెరిగింది. అంతే.

మూడో మెట్టు బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ పడకముందే చేయాల్సింది ఇది. ఇప్పటికే పడింది కాబట్టి, రోగి స్థిమితంగా ఉంటే, డాక్టరు కొద్దిరోజులు మందు ఆపి చూస్తారు. రెండు మూడు చోట్ల నుంచి, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మి.లీ. రక్తం తీయాలి. సిరంజిలో చుక్క తీసి పంపితే క్రిమి ఉన్నా దొరకదు. ‘బ్రూసెల్లా అనుమానం’ అని కాగితం మీద రాయడం మరీ ముఖ్యం. ఆ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ల్యాబ్ వాళ్లు సీసాను ఎక్కువ రోజులు ఉంచుతారు. అది వాళ్లకూ అంటుకోగలదు కనుక జాగ్రత్తపడతారు. దీంతోపాటే రక్తకణాల లెక్క, కాలేయ పరీక్ష, మూత్రపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, హెచ్‌ఐవీ పరీక్ష.

మరి ఈఎస్ఆర్? ఒంట్లో ఏదో నడుస్తోందని చెబుతుంది, ఏమిటో చెప్పదు. టీబీకి చేసే మాంటూ చర్మపరీక్షదీ అదే కథ. మన దేశంలో ఎంతోమంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రాణంగా ఉంటుంది. పాజిటివ్ వస్తే ఈ జ్వరం దానిదేనని అర్థం కాదు. ఇక రక్తంలో టీబీ యాంటీబాడీలను చూసే కిట్లనైతే, అవి తప్పుదారి పట్టిస్తున్నాయని కేంద్ర ప్రభుత్వం 2012లో నిషేధించింది.

మన కాపరి కల్చర్‌లో బ్రూసెల్లా పెరిగింది. యాంటీబాడీ పరీక్షా దానికి తోడైంది. యాంటీబాడీయే కదా, వైడాల్‌కూ దీనికీ తేడా ఏమిటంటారా? ఇక్కడ వృత్తి, గొర్రెలు, నడుంనొప్పి, కల్చర్... అన్నీ ఒకేవైపు చూపిస్తున్నాయి. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్... ఆరు వారాలు. జ్వరం దిగిందని పది రోజులకే ఆపేస్తే తిరగబెడుతుంది. నడుంనొప్పి ఉంది గనుక వెన్నెముకకు ఎమ్మారై కూడా తీయాలి. అక్కడ చీము ఉంటే మందు ఇంకా ఎక్కువ కాలం వాడాలి.

ఒక మెలిక ఉంది. రిఫాంపిసిన్ టీబీ మందు కూడా. రాత్రి చెమటలు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం... టీబీలోనూ ఇవే కనిపిస్తాయి. అందుకే ఆ మందు మొదలుపెట్టేలోపే టీబీ లేదని తేల్చుకోవాలి. ‘చూద్దాం’ అని స్టెరాయిడ్ ఇవ్వడం అంతకన్నా ప్రమాదం. లింఫోమా ఉంటే జ్వరం కొన్నాళ్లు మాయమై, అసలు జబ్బు దాక్కుంటుంది.

ఈ మెట్లన్నీ ఎక్కినా ఆచూకీ దొరకనప్పుడే పెట్ స్కాన్, ఎముక మూలుగ పరీక్షల వంతు. అప్పుడు బీబీనగర్ ఎయిమ్స్‌కో, హైదరాబాద్ నిమ్స్‌కో వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతోపాటు రోజుకు నాలుగుసార్లు థర్మామీటరు పెట్టి రాసిన చీటీ, వాడిన మందుల అట్టలు తీసుకెళ్లాలి. కాపరి ఇంట్లో మాత్రం ఇంకో పని మిగిలే ఉంది. ఆ మంద పాలు కాచకుండా తాగిన పిల్లలెవరికైనా జ్వరం వస్తోందా అని అడగాలి, పశువుల డాక్టరుతో గొర్రెలకూ రక్తపరీక్ష చేయించాలి.