మూడో ఎక్కంలో ఒకట్ల అంకె

మూడో ఎక్కాన్ని 3×0 నుంచి 3×9 దాకా రాసి, జవాబుల్లో ఒకట్ల స్థానంలో ఉన్న అంకె మాత్రమే ఉంచి మిగతాది చెరిపేయండి. 0, 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7 మిగులుతాయి. 0 నుంచి 9 దాకా ఉన్న పది అంకెలూ వచ్చాయి, ఏదీ రెండోసారి రాలేదు. రెండో ఎక్కానికీ ఇదే పని చేస్తే 0, 2, 4, 6, 8 వచ్చి, మళ్లీ 0, 2, 4, 6, 8 వస్తాయి. బేసి అంకె ఒక్కటీ లేదు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో అన్వేకం, సంగ్రస్తం, ద్విగుణం అని మూడు రకాల ప్రమేయాలు చెబుతారు. పేర్లు బరువైనవే గానీ వాటి సంగతంతా ఈ రెండు వరుసల్లోనే ఉంది.

ముందు ప్రమేయం అంటే ఏమిటో చూద్దాం. ఒక సమితిలోని ప్రతి మూలకానికీ రెండో సమితిలో ఒకే ఒక్క మూలకాన్ని జత చేసే నియమమే ప్రమేయం. పెళ్లి పంక్తిలో ప్రతి అతిథినీ ఒక విస్తరి ముందు కూర్చోబెట్టడం లాంటిది. ఒకే మనిషి రెండు విస్తళ్ల ముందు కూర్చోలేడు, నిలబడి తినడమూ కుదరదు. అయితే ఒకే విస్తరి ముందు ఇద్దరు ఇరుక్కున్నా, కొన్ని విస్తళ్లు ఖాళీగా ఉన్నా అది ప్రమేయమే. ఇద్దరు ఇరుక్కోకపోతే అన్వేకం. ఒక్క విస్తరీ ఖాళీగా మిగలకపోతే సంగ్రస్తం. రెండూ కుదిరితే ద్విగుణం.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 'ఒక్కొక్కరికి ఒక్కో విస్తరి' అన్నది ప్రమేయ నిర్వచనం, అది అన్వేకం కాదు. అన్వేకమో కాదో తేల్చాలంటే విస్తరి వైపు నుంచి చూసి, దీని ముందు ఎంతమంది ఉన్నారని అడగాలి. పరీక్షలో చాలామంది a = b అయితే f(a) = f(b) అని రాసి అన్వేకం నిరూపించామనుకుంటారు. ఆ మాట ఏ ప్రమేయానికైనా నిజమే. రాయాల్సింది దానికి తిరగేసినది: f(a) = f(b) అనుకుని బయలుదేరి a = b దగ్గరికి చేరాలి.

మళ్లీ ఎక్కాలకు వద్దాం. పది అంకెలను పది అంకెలకు పంపే ప్రమేయం కాబట్టి ఒక చిన్న వెసులుబాటు ఉంది. మూడో ఎక్కంలో ఏ అంకే రెండుసార్లు రాలేదని తేలితే చాలు, పదీ వచ్చి తీరాలి. పది మంది పది వేర్వేరు విస్తళ్ల ముందు కూర్చుంటే పదకొండోది ఎక్కడుంది, ఖాళీగా మిగలడానికి? రెండో ఎక్కంలో 0, 5 రెండూ 0కే పోయాయి. ఒక చోట ఇద్దరు చేరారంటే మరో చోట ఖాళీ తప్పదు. రెండు పరిమిత సమితుల్లో మూలకాల సంఖ్య సమానమైతే అన్వేకం, సంగ్రస్తం రెండూ కలిసే ఉంటాయి, కలిసే పోతాయి. ఒకటి పరీక్షిస్తే రెండోది ఉచితం!

ఈ వెసులుబాటు పూర్ణాంకాల దగ్గర చెల్లదు. ఈసారి ఏదీ చెరపకుండా f(n) = 3n అనే ప్రమేయంతో పూర్ణాంకాలను పూర్ణాంకాలకు పంపుదాం. 3a = 3b అయితే a = b, కాబట్టి అన్వేకం. మరి 7 ఎవరి ప్రతిబింబం? 3n = 7 అంటే n = 7/3, అది పూర్ణాంకం కాదు. 7 దగ్గర విస్తరి ఖాళీ, కాబట్టి సంగ్రస్తం కాదు. పది అంకెల మీద ద్విగుణమైన మూడో ఎక్కం ఇక్కడ సగం పరీక్షే నెగ్గింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. n సరి సంఖ్య అయితే సగం చేయండి, బేసి అయితే 1 తీసేసి సగం చేయండి. 6, 7 రెండూ 3కే పోతాయి, కాబట్టి అన్వేకం కాదు. కానీ ఏ పూర్ణాంకం m అడిగినా 2m దాని దగ్గరికే వస్తుంది, కాబట్టి సంగ్రస్తం. n² అయితే రెండు పరీక్షల్లోనూ తప్పుతుంది: 3, −3 రెండింటికీ 9 వస్తుంది, −1 ఎన్నటికీ రాదు. f(n) = n + 5 రెండూ నెగ్గి ద్విగుణమవుతుంది; వెనక్కి రావాలంటే 5 తీసేస్తే సరి.

అందుకే సూత్రం ఒక్కటే చూపించి ఇది సంగ్రస్తమా అని అడిగితే జవాబు చెప్పలేం. ఎక్కడి నుంచి ఎక్కడికో, అంటే ప్రదేశం, సహప్రదేశం కూడా చెప్పాలి. 3n సూత్రాన్నే ఉంచి, సహప్రదేశంగా పూర్ణాంకాలన్నిటికీ బదులు 3 గుణిజాలను మాత్రమే తీసుకుంటే ఖాళీ విస్తళ్లు మాయమై అది ద్విగుణమవుతుంది. అంటే పూర్ణాంకాలన్నీ తమలోని ఒక భాగంతో ఒకటికొకటిగా జతకట్టాయి. పరిమిత సమితికి ఇది అసాధ్యం. జర్మన్ గణితవేత్త రిచర్డ్ డెడెకిండ్ 1888లో దీన్నే అనంత సమితికి నిర్వచనంగా తీసుకున్నాడు.