అతుకు వినపడకుండా పాటను కుదించడం

వీడియో 72 సెకన్లు. దానికి ఎంచుకున్న వాద్యసంగీతం 3 నిమిషాలు. 72వ సెకను దగ్గర ధ్వనిని తగ్గించి ఆపేయడం చాలామంది పట్టే దారి. కానీ వినేవారికి పాట మధ్యలో తలుపు మూసినట్టుంటుంది. అసలు ముగింపును ఉంచి, నడుమ భాగాన్ని తీసేయడమే మేలు.

ముందుగా లయ తెలియాలి. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో ఒక్కో దెబ్బ అర సెకను. నాలుగు దెబ్బల ఆవర్తనాన్ని ఎడిటర్లు బార్ అంటారు. అది 2 సెకన్లు. పాట మొత్తం 90 బార్లు, వీడియోకు కావలసినవి 36. చివరి 12 బార్లను వీడియో చివరికి ఆనిస్తే, మొదటి నుంచి 24 బార్లు చాలు. అంటే పాటలో 48వ సెకను నుంచి 156వ సెకను దాకా తీసేసి, రెండు ముక్కలనూ కలపాలి.

లెక్క కుదిరినా చెవి ఒప్పుకోకపోవచ్చు. వేణువు పలుకు సగంలో తెగినా, చివర్లో శ్రుతి పెరిగే పాటైనా అతుకు బయటపడుతుంది. అప్పుడు రెండు ముక్కల కోతనూ ఒకే వైపు నాలుగు బార్లు జరిపి చూడాలి. నిడివి మారదు.

కోత బార్ మొదటి దెబ్బకు కాస్త ముందు పడాలి. తరంగం ఎత్తులో ఉండగా తెగితే టిక్కుమంటుంది. అందుకే ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి పెరిగే క్రాస్‌ఫేడ్ వేస్తారు. డ్రమ్ముల దగ్గర 20, 30 మిల్లీసెకన్లు చాలు. అది పొడవై, లయ ఏమాత్రం తప్పినా ఒకే దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది. సాగే వయొలిన్ల మీదైతే ఒక బార్ దాకా పెట్టవచ్చు. క్రాస్‌ఫేడ్‌కు కోత అవతల కూడా ధ్వని మిగిలి ఉండాలి. వేర్వేరు ముక్కల మధ్య సరళరేఖ ఫేడ్ వేస్తే నడుమ ధ్వని కుంగుతుంది. సమశక్తి వంపు దాన్ని నిలబెడుతుంది. ఒకే ధ్వని రెండు ప్రతులు అచ్చంగా ఒకదానిపై ఒకటి పడే చోట మాత్రం ఆ వంపే ఉబ్బు తెస్తుంది, అక్కడ సరళరేఖే నయం.

వీడియో 88 సెకన్లయితే అదనంగా 16 సెకన్లు, అంటే 8 బార్లు కావాలి. ప్రధాన రాగం లేని, తాళమూ తోడు వాద్యాలూ మాత్రమే నడిచే 8 బార్ల భాగాన్ని లూప్‌గా ఒకసారి తిప్పితే సరి. లూప్ చివరి ప్రతిధ్వని దాని మొదట్లోకి కాస్త జారాలి. అది తెగితే గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టు తోస్తుంది. ఇదే ముక్కను నాలుగైదుసార్లు తిప్పితే అతుకు కనపడకపోయినా వినేవారు తిరగడాన్ని పట్టేస్తారు.

వీడియో ఎడిటింగ్‌లో కోత ఫ్రేముల లెక్కన జరుగుతుంది. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, దెబ్బ వాటి మధ్య ఎక్కడైనా పడవచ్చు. అందుకే అతుకును ఆడియో ఎడిటర్‌లో పెట్టడం మంచిది. ఇక వీడియో 73 సెకన్లయితే మిగిలిన ఒక్క సెకను అర బారే. దానికోసం పాటను కోయనక్కరలేదు, సంగీతాన్ని ఒక సెకను ఆలస్యంగా మొదలుపెడితే చాలు.