చిన్నప్పుడు విన్న వీధి నాటకం పాట: పేరు చెప్పగలరా?

పత్రికల్లో పాఠకుల లేఖలు చదివేవాళ్లకు ఇలాంటి ఉత్తరం ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. ‘సుమారు యాభై ఏళ్ల కిందట మా ఊరి గుడి ముందు వీధి నాటకం ఆడారు. అందులో ఒకావిడ పాడిన పాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. దాని పేరేమిటో తెలిసినవారు దయచేసి తెలుపగలరు.’ ఉత్తరం అచ్చవుతుంది. రెండు వారాల్లో నాలుగైదు జవాబులు వస్తాయి. ఒకరు సినిమా పాట పేరు రాస్తారు, ఇంకొకరు హరికథ అంటారు, మరొకరు తమ ఊళ్లో ఆడిన వేరే నాటకం గురించి చెబుతారు. ఎవరి జ్ఞాపకం వారికి ఖాయమే కానీ, అడిగినాయన పాట మాత్రం దొరకదు.

చిక్కు జవాబుల్లో కాదు, ప్రశ్నలోనే ఉంది. పాతకాలపు వీధి నాటకంలో పాటకు విడిగా పేరుండేది కాదు. అక్కడ పాటను దరువు అంటారు. అది ఎవరి దరువు, ఏ సందర్భంలో వచ్చింది అన్నదే దాని గుర్తు. పాత్ర తెర వెనక నుంచి వస్తూ పాడేది ప్రవేశ దరువు. ఆ తర్వాత వాదులాటకు, ఏడుపుకు, యుద్ధానికి వేర్వేరు దరువులు. ఆడేవాళ్లు కూడా ‘సత్యభామ ప్రవేశం’, ‘హిరణ్యకశిపుడి దరువు’ అనే చెప్పుకుంటారు. కాబట్టి పేరడిగితే తెలిసినవాళ్లు కూడా తడబడతారు. ఎవరు, ఎలా వస్తూ పాడారో చెబితే సగం దారి తెరుచుకుంటుంది.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. వీధి నాటకం అన్న మాట మన దగ్గర కనీసం రెండు రకాలకు చెల్లుతుంది. రాత్రంతా తెర కట్టి, దివిటీల వెలుగులో మృదంగం, తాళాలతో సాగే భాగవతుల ఆట ఒకటి. కూడలిలో తెరా రంగస్థలమూ లేకుండా, డప్పు కొట్టి జనాన్ని పోగుచేసి, కూలి గురించో కరువు గురించో అరగంటలో ముగించేది రెండోది. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి వంటి సంఘాల పాటలు ఇలాంటి ఆటల్లో వినిపించేవి. వాటికి రాసినవారెవరో చాలాసార్లు తెలుసు, పాటల పుస్తకాలూ ఉన్నాయి. భాగవతుల దరువుల సంగతి అలా కాదు. కాబట్టి తెర ఉందా లేదా, ఆట ఎంతసేపు సాగింది అన్న రెండు మాటలు ఉత్తరంలో ఉంటే జవాబిచ్చేవారు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇప్పుడు పై ఉత్తరాన్నే తీసుకుని, రాసినాయన్ని గుచ్చిగుచ్చి అడిగామనుకుందాం. ఆవిడ ఎలా వచ్చింది? ‘ఇద్దరు మనుషులు తెర పట్టుకున్నారు. ముందు మొహం కనబడలేదు. తెర పైనుంచి పొడుగాటి జడ ఇవతలికి పడింది. పిల్లలం కేకలు వేశాం. దివిటీ మీద ఏదో పొడి చల్లితే భగ్గుమంది. అప్పుడు పాట అందుకుంది.’

ఇంకేం, చాలావరకు తేలిపోయింది. దివిటీ మీద చల్లింది గుగ్గిలం పొడి. తెర మీదుగా జడ వేయడం భామాకలాపంలో సత్యభామ ఠీవి. తనతో ఆటలోనూ పాటలోనూ పోటీపడగలవారెవరైనా ఉన్నారా అని సభకు విసిరే సవాలది. అంటే ఆయన విన్నది సత్యభామ ప్రవేశ దరువు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆయన ‘ఒకావిడ’ అన్నది కూడా బహుశా మగవాడే. ఆ రోజుల్లో భాగవతుల ఆటల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మ పేరు చెబితే ఇప్పటికీ సత్యభామే గుర్తొస్తుంది.

అయితే ఇక్కడితో ఆగకూడదు. అదే పాత్ర రాత్రంతా ఎన్నో పాడుతుంది. తన అందం, పుట్టిన ఇల్లు, శ్రీకృష్ణుడి దగ్గర తనకున్న చనువు చెప్పుకుంటూ గర్వంగా పాడేది మొదట్లో. మాధవి వచ్చి ‘నీ మగని పేరేమిటమ్మా’ అని అడిగితే సిగ్గుతో మెలికలు తిరిగేది ఆ తర్వాత. కృష్ణుడు దూరమయ్యాక విరహంతో పాడేది, ఆయనకు లేఖ రాసి పంపేది ఇంకా తర్వాత. ఉత్తరం రాసినాయన ‘పాట అయ్యాక జనం నవ్వారు, హాస్యగాడు ఏదో అడిగాడు’ అంటే మొదటి భాగమన్నమాట. ‘పాడుతూ ఏడ్చింది, మా అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది’ అంటే వేరే దరువు వెతకాలి. పాటకు ముందూ వెనకా ఏం జరిగిందన్నది పాట మాటల కంటే నమ్మదగిన ఆధారం.

మాటలు నమ్మరానివి కావడానికి కారణముంది. మైకులు లేని రోజుల్లో ముఖ్య పాత్ర పాడిన చరణం చివరి మాటల్ని వెనక ఉన్నవాళ్లు అందుకుని గట్టిగా పాడేవారు. అదే వంత. దూరాన కూర్చున్న పిల్లల చెవిన పడేది, యాభై ఏళ్లు నిలిచేది ఈ వంత పాటే. కానీ ‘మాధవా’, ‘చెలియా’ లాంటి ముగింపులు వందల దరువుల్లో ఉంటాయి. వాటిని పట్టుకుని వెతికితే ఎటూ తేలదు. మధ్యలో చెవిన పడ్డ అరుదైన మాట ఒక్కటి గుర్తున్నా, అర్థం తెలియకపోయినా, విన్నది విన్నట్టుగానే రాయాలి. దిద్ది రాస్తే ఆనవాలు పోతుంది.

రెండో గండం సినిమా. స్థానం నరసింహారావు రంగస్థలం మీద ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామగా పాడి పేరు తెచ్చుకున్న పాట 1966లో వచ్చిన సినిమాలో పి.సుశీల గొంతున వినిపించింది. గుడి ముందు చూసిన సత్యభామ, తర్వాత తెర మీద చూసిన జమున, రేడియోలో విన్న పాట ఒకే జ్ఞాపకంగా కలిసిపోవడం మామూలే. అందుకే జవాబు వచ్చాక ‘అవును, ఇదే’ అని వెంటనే ఒప్పుకోకూడదు. ఆ పాట వినిపించి, వరుస కలిసిందా, వంత ఉందా అని చూడాలి. వంత లేకుండా ఒక్కరే రాగం తీసి పాడినట్టు గుర్తుంటే అది భాగవతుల ఆట కాకుండా పద్య నాటకమో, దాని పక్కన చేరిన పాటో కావచ్చు.

ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఎవరి భామాకలాపం? కూచిపూడివారిది ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం వైపు తూర్పు భాగవతంలో అదే కథను మృదంగం జోరుతో వేరే నడకలో ఆడతారు. మాటలూ వరుసలూ మేళానికి మేళానికి మారతాయి. కాబట్టి జిల్లా, వీలైతే మండలం రాయడం తప్పనిసరి. అచ్చయిన వాటి కోసమైతే ఎస్.వి.జోగారావు ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ (1961), ఆటల తీరుతెన్నుల కోసమైతే మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ మంచి ఆధారాలు.

చాలా దరువులు అచ్చుకెక్కనే లేదు. మేళం పెద్ద చేతిరాతలోనో, పాడేవాడి నోటనో ఉండి అక్కడే ఆగిపోయాయి. అలాంటి పాటకు ఏ పుస్తకమూ జవాబివ్వదు. అందుకే ఉత్తరం చివర ఇంకో ప్రశ్న చేర్చడం మంచిది: ‘ఆ ఏడు మా ఊరికి ఏ ఊరి మేళం వచ్చిందో, వారి పిల్లలు ఇప్పుడెక్కడున్నారో ఎవరికైనా తెలుసా?’ పాట పేరు తెలిసిన పాఠకుడు దొరకడం కష్టం. మేళం ఏ ఊరిదో చెప్పగల పెద్దాయన మాత్రం పక్క ఊళ్లోనే ఉండవచ్చు.